ఓనర్ వాళ్లింట్లోనే రూమ్ (లండన్): ఆదివారం కల్లా ఖాళీ చెయ్యమంటున్నారు, ఏం చెయ్యాలి?

ఈస్ట్‌హామ్_కొత్తవాడు
అందరికీ నమస్తే. ఈస్ట్ హామ్‌లో మనవాళ్ల ఇంట్లోనే పై రూమ్‌లో ఉంటున్నాను. ఓనర్ అన్న, వదిన, పాప కూడా అదే ఇంట్లో ఉంటారు. వంటిల్లు, బాత్రూమ్ అందరికీ ఒకటే. నెలకు 550 పౌండ్లు, అడ్వాన్స్ ఇంకో 550. అగ్రిమెంట్ కాగితం ఏమీ లేదు. బుధవారం రాత్రి వదిన వాట్సాప్‌లో "మా అత్తగారు వస్తున్నారు, ఆదివారం కల్లా రూమ్ ఖాళీ చెయ్యి" అని పెట్టారు. ఒకటో తారీఖునే ఈ నెల అద్దె కట్టేశాను. రెండు నెలల నోటీసు లేకుండా ఎవరూ పంపలేరని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా? అడ్వాన్స్ సంగతేంటి? బ్యాంకుకి అడ్రస్ ప్రూఫ్ అడిగితే అదీ ఇవ్వలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

హౌన్స్‌లో_రవి
తమ్ముడూ, అస్సలు కదలకు. కొత్త చట్టంతో 2026 మే 1 నుంచి, కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 రద్దు. ఇక కారణం చూపించి కోర్టుకెళ్లి ఆర్డర్ తెచ్చుకోవాల్సిందే. అడ్వాన్స్‌ని 30 రోజుల్లో డిపాజిట్ స్కీమ్‌లో వెయ్యకపోతే మూడు రెట్ల దాకా జరిమానా. నీ రూమ్‌కి తాళం ఉందా? ఉంటే నువ్వు టెనెంట్‌వే, ఇంకో మాట లేదు.

శారద_లూటన్
రవి గారూ, ఆ పిల్లాడు మీ మాట నమ్మి కూర్చుంటే ఆదివారం రోడ్డున పడతాడు. నేను సిటిజన్స్ అడ్వైస్‌లో వాలంటీర్‌గా ఇళ్ల కేసులే చూస్తాను. మీరు చెప్పినవన్నీ పూర్తి టెనెంట్లకు వర్తిస్తాయి, ఓనర్ ఇంట్లోనే గది తీసుకుని ఉండే లాడ్జర్లకు కాదు. ఓనర్ అదే ఇంట్లో కాపురం ఉంటూ వంటిల్లో, బాత్రూమో, హాలో మనతో పంచుకుంటుంటే 1977 నాటి ఎవిక్షన్ చట్టంలోని ముఖ్యమైన రక్షణ మనకు ఉండదు. కోర్టు ఆర్డర్ అక్కర్లేదు, డిపాజిట్ స్కీమ్ అక్కర్లేదు.

అలాగని మూడు రోజుల్లో పొమ్మనడమూ కుదరదు. న్యాయమైన గడువు ఇవ్వాలి. చట్టం ఇన్ని రోజులని రాయలేదు గానీ, మామూలుగా అద్దె ఎన్నాళ్లకోసారి కడతామో అంత గడువు ఇస్తారు. బాబూ, నువ్వు నెలకోసారి కడుతున్నావు కాబట్టి నెల అడుగు. నోటీసు వాట్సాప్‌లో వచ్చినా, నోటితో చెప్పినా చెల్లుతుంది.

గడువు దాటాక నువ్వు బయటికెళ్లినప్పుడు తాళం మార్చేసినా వాళ్లది తప్పు కాదు. నువ్వు లోపల ఉండగా తలుపు బద్దలు కొట్టి, చెయ్యి చేసుకుని గెంటితే మాత్రం అది నేరం. నీ సామాను పారెయ్యడానికి కూడా వీల్లేదు.

హౌన్స్‌లో_రవి
వాలంటీర్ అయితే చట్టం మొత్తం తెలిసినట్టేనా? 1985లో హౌస్ ఆఫ్ లార్డ్స్ స్ట్రీట్ వర్సెస్ మౌంట్‌ఫోర్డ్ కేసులో ఏం చెప్పింది? కాగితం మీద లైసెన్స్ అని రాసుకున్నా సరే, గది మీద పూర్తి స్వాధీనం మనదైతే అది టెనెన్సీయే అంది. నా రూమ్‌కి తాళం ఉంది, నేను లేకుండా ఎవరూ రారు. మరి నేనేమిటి?

శారద_లూటన్
ఆ తీర్పు నిజమే. కానీ ఆ కేసులో ఓనర్ ఆ ఇంట్లో కాపురం లేడు. మీరు టెనెంటే అనుకుందాం. అయినా ఓనర్‌తో వంటిల్లు పంచుకుంటే ఆ టెనెన్సీ కూడా రక్షణ లేని రకంలోకే వెళ్తుంది. తాళం ఉన్నా లేకపోయినా ఫలితం అదే. చూడాల్సింది గది తలుపు కాదు, వంటిల్లు. పైన మీకు వేరే వంటిల్లు, వేరే బాత్రూమ్ ఉండి మెట్లు, వరండా మాత్రమే ఉమ్మడి అయితే అప్పుడు లెక్క మారుతుంది. నాలుగు వారాల నోటీసు రాతలో ఇవ్వాలి, ఆ తర్వాత కోర్టుకూ వెళ్లాలి.

హౌన్స్‌లో_రవి
అంటే తాళానికి విలువే లేదన్నమాట! ఈ చట్టం రాసినవాళ్లు ఎప్పుడైనా అద్దె గదిలో ఉన్నారా?

కూకట్‌పల్లి_శ్రీను
మాదీ ఇదే సమస్య. ఓనర్ కింద, మేం పైన. పదకొండు నెలల అగ్రిమెంట్ అయిపోయింది, నీళ్ల మోటార్ వెయ్యనంటున్నాడు. మాకు వంటిల్లు వేరే ఉంది. ఈ రూల్ మాకూ వర్తిస్తుందా?

శారద_లూటన్
లేదండీ, ఇది ఇంగ్లండ్ సంగతి. మీ కోసం వేరే చర్చ మొదలుపెట్టండి.

ఇల్‌ఫర్డ్_లక్ష్మి
అందరూ ఓనర్ల మీదే పడుతున్నారు. మాకూ ఒక అబ్బాయి ఉండేవాడు. పగలూ రాత్రీ హీటర్, సింక్ నిండా గిన్నెలు, మా పాప స్కూల్‌కి వెళ్లే టైముకి బాత్రూమ్‌లో అరగంట. మన ఇంట్లో మనకే చోటు లేకపోతే ఎలా? ఇంట్లో వాళ్లతో కలిసి బతకలేని మనిషిని పంపడానికి కోర్టుల చుట్టూ తిరగమంటే ఎవరూ రూమే ఇవ్వరు. ఏడాదికి 7,500 పౌండ్ల వరకు రూమ్ అద్దెకు టాక్స్ లేదని అందరం ధైర్యం చేసి ఇస్తున్నాం.

స్లౌ_కిరణ్
లక్ష్మి గారూ, మీరు నిజంగా ఇంట్లో ఉంటున్నారు, కాబట్టి మీ బాధ అర్థమవుతుంది. మా ఓనర్ సంగతి వినండి. "నేనూ ఇక్కడే ఉంటాను, మీరంతా లాడ్జర్లు" అన్నాడు. ఒక గదికి తాళం వేసి అందులో సూట్‌కేసులు పెట్టాడు. నెలకోసారి వచ్చి ఉత్తరాలు తీసుకెళ్లేవాడు. అతని భార్యా పిల్లలు ఉండేది వేరే ఊళ్లో. నేను అతను వచ్చిన తేదీలు రాసిపెట్టుకున్నాను, "రేపు మన ఇంటి వైపు వస్తున్నా" అని అతనే పెట్టిన మెసేజ్‌లు దాచాను. కౌంటీ కోర్టులో అది అతని అసలు నివాసం కాదని తేలింది. నేను టెనెంట్‌నయ్యాను. స్కీమ్‌లో వెయ్యనందుకు డిపాజిట్‌తో పాటు జరిమానా కూడా వచ్చింది. తమ్ముడూ, ముందు నీ ఓనర్ ఆ ఇంట్లోనే పడుకుంటున్నాడో లేదో చూడు.

ఈస్ట్‌హామ్_కొత్తవాడు
రోజూ ఇంట్లోనే ఉంటారన్నా. కలిసే తింటాం కూడా.

ఇల్‌ఫర్డ్_లక్ష్మి
అయితే నీకు ఆ దారి లేదు. కలిసి తినే ఇంటి నుంచి మూడు రోజుల్లో పొమ్మనడం మాత్రం ఓనర్‌గా నేనూ ఒప్పుకోను.

రెడింగ్_ప్రసాద్
అడ్రస్ ప్రూఫ్ గురించి ఎవరూ చెప్పలేదు. ఒంటరిగా ఉండే ఓనర్లకు కౌన్సిల్ టాక్స్‌లో 25 శాతం తగ్గింపు ఉంటుంది. ఇంకో పెద్దమనిషి పేరు కనిపిస్తే అది పోతుందని భయపడతారు. ఫుల్‌టైమ్ స్టూడెంట్‌ని ఆ లెక్కలోకి తీసుకోరు, యూనివర్సిటీ సర్టిఫికెట్ చాలు. నీ కేసులో భార్యాభర్తలిద్దరూ ఉన్నారు కాబట్టి కారణం అది కాదు. వాళ్లే అద్దెకుండి, అసలు ఓనర్‌కి తెలియకుండా నీకు ఇచ్చారేమో. నువ్వు స్టూడెంట్‌వైతే బ్యాంకుకి ఇవ్వడానికి యూనివర్సిటీ వాళ్లని లెటర్ అడిగి చూడు. డాక్టర్ దగ్గర రిజిస్టర్ కావడానికి ప్రూఫ్ అక్కర్లేదు.

హౌన్స్‌లో_రవి
వాళ్లే అద్దెకుంటే అప్పుడు ఇతనికి రక్షణ వస్తుందిగా?

శారద_లూటన్
రాదు. ఇతనికి వాళ్లే ఇంటివాళ్లు, వాళ్లు అక్కడే ఉంటున్నారు. పైగా వాళ్ల టెనెన్సీ పోతే ఇతని గదీ పోతుంది.

బాబూ, ఈ రాత్రికే మెసేజ్ పెట్టు: "ఒకటో తారీఖున నెల అద్దె కట్టాను, నాకు నెల గడువు కావాలి, వెళ్లే రోజు అడ్వాన్స్ 550 ఇవ్వండి." కట్టిన అద్దె, అడ్వాన్స్ కనిపించే బ్యాంక్ స్టేట్‌మెంట్ దాచుకో. గదిని వీడియో తీసి పెట్టుకో. స్కీమ్ లేదు కాబట్టి అడ్వాన్స్ ఇవ్వకపోతే మనమే అడిగి వసూలు చేసుకోవాలి. 14 రోజుల గడువిస్తూ ఉత్తరం రాసి, ఆ తర్వాత కౌంటీ కోర్టులో చిన్న క్లెయిమ్‌గా ఆన్‌లైన్‌లో వెయ్యొచ్చు. ఫీజు ముందు మనం కట్టాలి, గెలిస్తే అవతలివాళ్ల మీద పడుతుంది.

ఈస్ట్‌హామ్_కొత్తవాడు
పెట్టాను అక్కా. అన్న వచ్చి మాట్లాడారు. నెలాఖరు వరకు ఉండమన్నారు, అత్తగారు హాల్లో సర్దుకుంటారట. అడ్వాన్స్ గురించి "చూద్దాం" అన్నారు. గోడ మీద మరక ఉందంటున్నారు, అది నేను దిగినప్పటి నుంచే ఉంది.

స్లౌ_కిరణ్
దిగిన రోజు ఇంటికి పంపిన ఫోటోలు ఉంటాయి కదా, అమ్మా నాన్నల ఫోన్లలో వెతికించు.

గ్లాస్గో_అనిత
ఇదంతా స్కాట్లాండ్‌లో కూడా ఇంతేనా? మా ఓనరమ్మ రేపే వెళ్లమంటోంది.

శారద_లూటన్
అనిత గారూ, అక్కడి చట్టం వేరు. నేను చెప్పినవి ఇంగ్లండ్‌వే, వాటిని పట్టుకుని ఆవిడతో వాదించకండి. రేపు ఉదయమే స్కాట్లాండ్ సిటిజన్స్ అడ్వైస్ వాళ్లకు ఫోన్ చెయ్యండి.