ఇంటి వంట పెట్టే హోటల్‌కి "ఫ్యామిలీ రెస్టారెంట్" అని పేరు పెట్టొచ్చా?

పటమట ఆడపడుచు:
పటమటలో మా ఇంటి కింద 30 మంది కూర్చునేలా హోటల్ పెడుతున్నాం. మధ్యాహ్నం పప్పు, వేపుడు, పులుసు, రోటి పచ్చడి, పెరుగుతో భోజనం. రాత్రి పుల్కా, కూర. ఆదివారం నాటుకోడి, చేపల పులుసు. సాయంత్రం కాలేజీ పిల్లల కోసం ఫ్రైడ్ రైస్ కూడా. మా వారు "శ్రీ అన్నపూర్ణ ఫ్యామిలీ రెస్టారెంట్" అంటున్నారు, నాకు "అమ్మ చేతి వంట" అని ఉంది. వచ్చినవాళ్లు ఒకటి అనుకుని వచ్చి ఇంకొకటి చూడకుండా ఉండాలంటే ఏ పేరు మంచిది? బోర్డు రాసే ఆయన శుక్రవారంలోగా చెప్పమంటున్నాడు.

బెజవాడ తిండిప్రియుడు:
పేరు గురించి ఇంత టెన్షన్ ఎందుకండీ. గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ఉంది. ఆ పేరులో ఇడ్లీ అని ఎక్కడైనా ఉందా? అయినా ఊరంతా ఇడ్లీకే వెళ్తుంది. రుచి బాగుంటే ఏ పేరైనా నిలబడుతుంది. కళ్లు మూసుకుని "మెస్" అని పెట్టేయండి, మధ్యాహ్నం జనం వాళ్లే వస్తారు.

బ్రాడీపేట 4వ లైను:
గుంటూరులో 14 ఏళ్లుగా భోజనం హోటల్ నడుపుతున్నాను. పైన చెప్పినాయన మాటలో సగం నిజం. దశాబ్దాలుగా నడిచిన హోటల్‌కి పేరు అర్థాన్ని జనమే ఇచ్చేశారు. మా ఊళ్లో శంకర్ విలాస్ సెంటర్ అంటారు, హోటల్ పేరే కూడలి పేరైపోయింది. కానీ మొదటి ఆరు నెలలు మీ రుచి ఎవరికీ తెలియదు. రోడ్డు మీద పోయేవాడికి కనపడేది బోర్డు ఒక్కటే.

నేను మొదట చేసిన తప్పు చెబుతాను. నా బోర్డు మీద కూడా "ఫ్యామిలీ రెస్టారెంట్" అనే రాయించాను. రాత్రి ఎనిమిదింటికి కుటుంబాలు వచ్చేవి. కూర్చోగానే మెనూ కార్డు అడిగేవారు, తర్వాత స్టార్టర్స్ ఏమున్నాయి, తందూరీ ఉందా అని. పుల్కా, దొండకాయ వేపుడు, టమాటా పప్పు అని చెబితే పిల్లల మొహాలు చిన్నబోయేవి. కొందరు మంచినీళ్లు తాగి లేచిపోయేవారు. అంతకంటే పెద్ద నష్టం మధ్యాహ్నం జరిగింది. నాకు కావలసింది ఆఫీసుల వాళ్లు, కోచింగ్ పిల్లలు. వాళ్లు బోర్డు చూసి "లోపల రేటు ఎక్కువ ఉంటుంది, బిల్లుకి అరగంట పడుతుంది" అనుకుని ముందుకి వెళ్లిపోయేవారు. ఇది నాకు నాలుగు నెలల తర్వాత, పక్క జిరాక్స్ షాపు కుర్రాడు చెబితే తెలిసింది. రోజూ నా ముందు నుంచే నడిచి పక్క లైనులో తినేవాడు.

అప్పుడు మొదటి మాట అలాగే ఉంచి, చివర "ఫ్యామిలీ రెస్టారెంట్" తీసేసి "భోజన హోటల్" అని పెట్టాను. వంటవాడు మారలేదు, రేటు మారలేదు. రెండు నెలల్లో మధ్యాహ్నం 40 విస్తళ్ల నుంచి 90 దాటాయి. రాత్రి కుటుంబాలు తగ్గాయి, అది నిజం. వచ్చినవాళ్లు మాత్రం లేచి వెళ్లలేదు.

మన వైపు చివరి మాటే జనానికి రేటు, టైము, వడ్డన అన్నీ చెబుతుంది. "మెస్" అంటే టోకెను, అడిగినంత అన్నం, మధ్యాహ్నం మూడు దాటితే ఉండదు. మీరు ప్లేటు లెక్కన పెట్టి రెండోసారి అన్నానికి డబ్బులు అడిగితే ఆ రోజే గొడవ. "కర్రీ పాయింట్" అంటే కూర్చోవడానికి లేదు. "టిఫిన్స్" అంటే పొద్దున ఏడింటికి తలుపు తీసి ఉండాలి. మీరు ఏది నిజంగా చేయగలరో ఆ మాటే పెట్టండి.

కొత్తపేట కర్రీస్:
మాది గుంటూరు కొత్తపేటలో, ఆసుపత్రుల దగ్గర కర్రీ పాయింట్. మేము పేరులో అంకెలు కలిపి, సంఖ్యాశాస్త్రం ప్రకారం ఒక అక్షరం ఎక్కువ పెట్టించాం. కలిసొచ్చింది. ఆ అక్షరం సంగతి కూడా చూసుకోండమ్మా.

పటమట ఆడపడుచు:
అక్షరం సంగతి మా అత్తగారు చూస్తున్నారండీ. నా బాధ వేరే. "అమ్మ చేతి వంట" అంటే తప్పేముంది? వండేది నేనూ మా అమ్మానే.

బ్రాడీపేట 4వ లైను:
తప్పు లేదమ్మా, కానీ ఎవరి అమ్మ? గుంటూరు మనిషి కారం తక్కువైందంటాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చినాయన పులుసులో బెల్లం ఏదంటాడు. హోటల్ వంట అయితే నచ్చలేదని ఊరుకుంటారు, అమ్మ పేరు పెడితే తమ ఇంటితో పోలుస్తారు. ఆ పోలికలో మనం గెలవం.

"ఇంటి భోజనం" అన్న మాట మాత్రం వాడొచ్చు, దానికి కొన్ని కట్టుబాట్లు ఉంటే. కూర రోజూ మారాలి. పప్పు త్వరగా ఉడకాలని తినే సోడా వేయకూడదు. వేపుడు గిన్నె అడుగున నూనె నిలవకూడదు. నిన్నటి సాంబారు ఈ రోజు కనపడకూడదు. రోజూ తినేవాడు ఇవి వారం రోజుల్లో పట్టేస్తాడు. భోజనం చేసిన గంటకి కడుపు బరువుగా ఉంటే, ఇక ఆ మాట నమ్మడు.

లబ్బీపేట లాయరు:
ఒక సంగతి. "ఇంటి భోజనం", "అమ్మ చేతి వంట" లాంటివి వస్తువును వర్ణించే మాటలు. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం ఇలాంటి వాటికి మామూలుగా రిజిస్ట్రేషన్ రాదు. హోటళ్లు 43వ తరగతి కిందకి వస్తాయి. రేపు ఎదురు వీధిలో ఇంకొకరు అదే మాట పెడితే ఆపడం కష్టం. కాబట్టి మొదటి మాట మీదంటూ ప్రత్యేకంగా ఉండాలి, వర్ణన దాని వెనక రావాలి.

బెజవాడ తిండిప్రియుడు:
మరి అన్నపూర్ణ అని పెడితే ఏం? మంచి పేరేగా.

బ్రాడీపేట 4వ లైను:
మంచి పేరే. కానీ ముందు "శ్రీ", తర్వాత అమ్మవారి పేరు చూస్తే చాలామంది శాకాహారమే అనుకుంటారు. ఆదివారం నాటుకోడి వాసన వస్తే, ఆరు రోజులు నమ్మి వచ్చిన పెద్దావిడ మళ్లీ రాదు. కోడి కోసం వెతికేవాడు ఆ బోర్డు చూసి లోపలికే రాడు. రెండు వైపులా పోతుంది.

పటమట ఆడపడుచు:
ఇది నాకు తట్టలేదండీ. మా వారికి చూపించాను, ఆలోచనలో పడ్డారు. మా ఊరి పేరు ముందు పెట్టి, "ఇంటి భోజనం" అని వెనక పెడితే? మరి ఫ్రైడ్ రైస్ సంగతి?

బ్రాడీపేట 4వ లైను:
ఊరి పేరు మంచిదే, ఆ ఊరి వంట ఒకటైనా రోజూ ఉంటే. పెద్ద బోర్డు రాయించే ముందు రెండు పేర్లూ రెండు కాగితాల మీద రాసి, మీకు తెలియని పది మందికి చూపించండి. నచ్చిందా అని అడగొద్దు, మొహమాటానికి నచ్చిందంటారు. "లోపల ఏం దొరుకుతుంది, భోజనం ఎంత ఉంటుంది, మాంసం ఉంటుందా" అని అడగండి. ఏడెనిమిది మంది మీ దగ్గర ఉన్నదే చెబితే ఆ పేరు పనిచేస్తున్నట్టు.

గూగుల్ మ్యాప్‌లో కూడా బోర్డు మీద ఉన్న పేరే పెట్టండి. పేరు చివర "ఫ్రైడ్ రైస్, బిర్యానీ" అని తగిలిస్తే వాళ్ల నియమాలకి విరుద్ధం, పైగా బిర్యానీ కోసం వచ్చినవాడు మీకు ఒక్క స్టార్ ఇచ్చి పోతాడు.

ఫ్రైడ్ రైస్‌ని పేరులోకి తేవద్దు. సాయంత్రం గుమ్మం ముందు చిన్న పలక పెట్టండి, చాలు.

కొత్తపేట కర్రీస్:
నేను ఒప్పుకోను. మా దగ్గర సాయంత్రం అమ్మకమే అద్దె కడుతోంది. ఇంటి భోజనం బోర్డు కింద నూడుల్స్ పెనం చప్పుడు వింటే పిల్లలు వస్తారేమో గానీ, పెద్దవాళ్లు ఇంటి భోజనం మాట నమ్మరు. పక్కనే చిన్న షట్టర్ తీసుకుని వేరే పేరు పెట్టుకోమనండి.

పటమట ఆడపడుచు:
షట్టర్ అద్దె ఇప్పుడు మా వల్ల కాదండీ. మొదటి నెల ఫ్రైడ్ రైస్ లేకుండా మొదలుపెడదామని నేను, అది లేకపోతే నడవదని మా వారు. బోర్డు ఆయన్ని ఇంకో వారం ఆగమన్నాం. రేపు కాగితాలు పట్టుకుని ఆటోనగర్ బస్టాపు దగ్గర నిలబడతాను.