తాత డైరీ టైపు చేసిన. ఇప్పుడు ఏది దిద్దాలె, ఏది వదిలెయ్యాలె?

హన్మకొండ మనవరాలు
మా తాతది పర్కాల దిక్కు ఊరు. ఆయన డైరీలు మూడు నోటుబుక్కులున్నయి. ఎండకాలం సెలవుల్ల మొదటిది టైపు చేసి నానమ్మకు చదివి వినిపించిన. రెండు పేజీలు విని "మీ తాత ఇట్ల మాట్లాడడే" అన్నది. నిజమే, టైపు చేసేటప్పుడు "పోయిండు"ను "పోయాడు" అని, "ఐతారం"ను "ఆదివారం" అని నేనే మార్చుకుంట పోయిన. అవి తప్పులనుకున్న.

ఇంకోటి, మాటల నడుమ 9 వస్తున్నది. ధమ9ము, కాయ9ం, పూవ9ము. తాత అట్లనే రాసిండు, నేను చూసింది చూసినట్టు కొట్టిన. ఇది ఏం తప్పు?

పాత కాయితాలు
అమ్మా, అది తప్పు కాదు, అంకె కూడా కాదు. దాన్ని వలపల గిలక అంటరు. ర్ పలికి తర్వాత ఇంకో అక్షరం పలకాల్సిన చోట, ఆ రెండో అక్షరం రాసి దాని పక్కన ఈ గిలక పెట్టేవాళ్ళు. చూడటానికి తెలుగు ౯ లెక్క ఉంటది. ధమ౯ము అంటే ధర్మము, కాయ౯ం అంటే కార్యం. మా నాయిన ఉత్తరాల్ల కూడా ఇట్లనే ఉంటది.

కీబోర్డు బాబు
అయితే అల్క పని. లిబ్రేఆఫీసుల Find & Replace తెరిచి Regular expressions టిక్కు పెట్టు. మొదటి లైను Findల, రెండోది Replaceల వెయ్యి, Replace All కొట్టు. ఒక్క నిమిషంల అయిపోతది.

```
([క-హ][ా-ౌ]?)9
ర్$1
```

హన్మకొండ మనవరాలు
అన్నా, ధర్మము, కార్యం మంచిగనే వచ్చినయి. కానీ "తేది9" అని ఉన్న చోట "తేర్ది" అయ్యింది! తాత తేది పక్కనే జాగ లేకుంట అంకె రాసిండు. వెంటనే వెనక్కి తీసుకున్న.

పాత కాయితాలు
అందుకే Replace All వద్దు. ఒక్కొక్కటి చూపిచ్చుకుంట, నోటుబుక్కు పక్కన పెట్టుకొని మార్చు. అసలు ఫైలును ముట్టకు, దాని నకలు మీదనే పని చెయ్యి. పొరపాటు జరిగితే మళ్ళ 9 ఎక్కడుండెనో చెప్పేటందుకు అదొక్కటే దిక్కు.

జమ్మికుంట రైతు
మా ఇంట్ల భూమి పంపకాలప్పుడు తాత డైరీ తీస్తే "౨ ఎ ౧౪ గుంటలు" అని ఉండె. మా తమ్ముడు ౧ను 7 అని చదివి పెద్ద లొల్లి చేసిండు. డైరీ చూపిస్తే తహసీల్దారు ఒప్పుకుంటడా?

పాత కాయితాలు
అన్నా, ఆ పిల్ల అడిగేది వేరే. కానీ మీ మాట పనికొస్తది. తెలుగు అంకెలున్న చోట రెండోసారి ఇంకొకరు చదవాలె. అమ్మా, నీ ఫైలుల "దయ 7 నాడు", "తీరు 12" లాంటివేమన్న ఉన్నయా?

హన్మకొండ మనవరాలు
రెండూ ఉన్నయి సార్! "దై", "తీర్" అని రాస్తే నేను సరిచేసిన.

పాత కాయితాలు
అవి నెలలు. నిజాం కాలంల సర్కారు కాయితాలు ఎక్కువ ఫసలీ క్యాలెండరు లెక్కనే. ఆజూర్, దై, బహ్మన్... అట్ల పన్నెండు. తాత సాలు ఏం రాసిండు?

హన్మకొండ మనవరాలు
తీర్ ౧౨, ఫ. ౧౩౫౫.

కీబోర్డు బాబు
ఫసలీకి 590 కలిపితే చాలు. 1945.

పాత కాయితాలు
సగమే సరి. నిజాం ఫసలీ సాలు అక్టోబరుల మొదలయ్యేది. డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలె. తీర్ ఎనిమిదో నెల, అంటే అది 1946 మే నడుమ. దై ౭ అదే సాలుదైతే 1945 నవంబరు. పాఠంల తాత రాసినట్టే ఉంచి, మన లెక్క కింద వేరే రాసుకో.

టీచరమ్మ, నర్సంపేట
మాండలికం ముట్టొద్దు, ఒప్పుకుంటా. కానీ ఆయన "విధ్యార్థి" అని రాస్తే? అది ఖాయంగా తప్పే. ఇంట్ల చిన్నపిల్లలు చదువుతరు, దిద్దితే మంచిది.

పాత కాయితాలు
నేనైతే దిద్దను టీచరమ్మా. ఉర్దూ మీడియంల చదివి తెలుగు సొంతంగ నేర్చుకున్న మనిషి ఒత్తులు ఎట్ల పెట్టిండో కూడా ఆ డైరీనే చెప్తది.

టీచరమ్మ, నర్సంపేట
అది మీలాంటోళ్ళకు సార్. పిల్లలకు తప్పు తప్పుగనే మనసుల పడుతది. నా మాట మీద నేనుంట.

హన్మకొండ మనవరాలు
రెండు ఫైళ్ళు చేస్త. ఒకటి తాత రాసినట్టు, ఒకటి చదువుకునేటందుకు. ఒక్క మాట తెగుతలేదు: తీర్ ౧౨ నాటి పేజీల, పెండ్లి రోజు "వంట మంచిగ అయింది" అని ఉందా, "పంట" అని ఉందా? పెండ్లి గనుక వంట అని కొట్టిన.

పాత కాయితాలు
పెండ్లిని చూసి తేల్చకు, రాతను చూడు. ప మీద తలకట్టు విడిగా ఉంటది, వ మీద అంటుకొని ఉంటది. గబగబ రాసేటాయన రెండూ కలిపేస్తడు. అదే పేజీల అనుమానం లేని మాటలు, వడ్లో పటేలో దొరికితే, వాటి తలకట్టు పక్కన పెట్టి చూడు.

హన్మకొండ మనవరాలు
చూసిన సార్. "పటేలు"ల కొద్దిగ సందు ఉన్నది, "వడ్లు"ల లేదు. ఈ మాటల కూడా సందు ఉన్నట్టే అనిపిస్తున్నది, కానీ సరిగ్గ అక్కడనే సిరా పాకింది. ఫోటో పెడుతున్న, అందరూ చూసి చెప్పుండ్రి.

టీచరమ్మ, నర్సంపేట
నాకు పంట లెక్కనే కనిపిస్తున్నది.

జమ్మికుంట రైతు
మే నెలల పంట ముచ్చట రాయడా? యాసంగి వడ్లు ఇంటికొచ్చి ఉంటయి. అయినా నాకు వంట అనే కనిపిస్తున్నది.