'ప్రూనింగ్' అంటే తొలగింపా, సున్నా చేయడమా?

పత్రహరితం: ఒక సాంకేతిక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. మ్యాగ్నిట్యూడ్ ప్రూనింగ్ గురించిన భాగం ఇలా వచ్చింది: "శిక్షణ పూర్తయిన నెట్‌వర్క్‌లో పరిమాణ కత్తిరింపు ద్వారా 90 శాతం బరువులను తొలగిస్తే మోడల్ పదో వంతుకు తగ్గి, పదింతలు వేగంగా నడుస్తుంది." ఇక్కడ 'పరిమాణ కత్తిరింపు', 'తొలగించు' సరిపోతాయా? బరువుల్లో ఎక్కువ భాగం సున్నాలే కావడాన్ని స్పార్సిటీ అంటారు, దానికి 'విరళత' అని పెట్టుకున్నాను. బరువులను ఒక్కొక్కటిగా కోసే అన్‌స్ట్రక్చర్డ్, వరుసలకి వరుసలే కోసే స్ట్రక్చర్డ్ అనే తేడాకి మాత్రం మాట దొరకలేదు.

అచ్చతెనుగు: 'విరళత' వద్దండీ, గబుక్కున చదివితే 'సరళత' అనిపిస్తుంది. జుట్టు పలచబడింది, నారు పలచగా ఉంది అని రోజూ అంటూనే ఉన్నాం, 'పలచదనం' చాలు. 'తొలగించు'లో నాకు తప్పు కనబడటం లేదు. సున్నాతో దేన్ని గుణించినా సున్నాయే కాబట్టి ఆ లెక్క మెషీన్ చెయ్యదు. లేనట్టే లెక్క.

నల్లరేగడి: మా ద్రాక్ష తోటల్లో ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి కత్తిరిస్తాం. దాన్ని 'కత్తిరింపు' అనే అంటాం, 'తొలగింపు' అనం. రెండో కత్తిరింపు పూత కోసం. మీ దాంట్లో కూడా రెండు దఫాలు ఉంటాయా? ఉంటే వేర్వేరు మాటలు కావాలి.

గుణకారం: నల్లరేగడి గారూ, మీరు అడిగిన దానికి తర్వాత వస్తాను. ముందు అచ్చతెనుగు గారి మాట. ఆ లెక్క మెషీన్ చేస్తుందండీ. మాట కంటే ముందు ఆ వాక్యంలో ఉన్న సంగతే తప్పు.

4096 అడ్డువరుసలు, 4096 నిలువువరుసలు ఉన్న ఒక మాత్రిక తీసుకోండి. అందులో 1.68 కోట్ల బరువులు. ఒక్కోటి 2 బైట్లు, మొత్తం 33.5 ఎంబీ. ప్లస్, మైనస్ గుర్తు వదిలేసి, విలువ చిన్నగా ఉన్న 90 శాతాన్ని సున్నా చేద్దాం:

```python
import torch
import torch.nn.utils.prune as prune
lin = torch.nn.Linear(4096, 4096, bias=False).half()
prune.l1_unstructured(lin, name="weight", amount=0.9)
print((lin.weight == 0).float().mean())   # 0.9
print(lin.state_dict().keys())  # weight_orig, weight_mask
```

సున్నాలు వచ్చాయి గానీ ఏదీ పోలేదు. పైగా `weight_orig`, `weight_mask` అని రెండు పూర్తి మాత్రికలు తయారై, ఫైలు రెట్టింపవుతుంది. `prune.remove(lin, "weight")` అంటే ఏది సున్నాయో గుర్తుపెట్టుకునే ఆ మాస్క్ పోయి ఫైలు పాత సైజుకి, అంటే ఆ 33.5 ఎంబీకే వస్తుంది. ఇక గుణకారం: మామూలు మాత్రిక గుణకారానికి రాసిన కోడ్ 'ఇది సున్నాయా' అని ఎక్కడా అడగదు. అడిగితే ఆ అడగడానికే గుణకారం కంటే ఎక్కువ ఖర్చు. అందుకని సున్నాలనూ మెమరీ నుంచి చదువుతుంది, గుణిస్తుంది, కలుపుతుంది. గడియారంలో తేడా ఉండదు.

బెంగళూరు బస్సు: కానీ అన్నా, నేను ఇలా చేసిన ఫైలుని జిప్ చేస్తే బాగా చిన్నదైంది. మరి తగ్గినట్టే కదా?

గుణకారం: డిస్కు మీద తగ్గింది, నిజమే. ఒకే విలువ పదే పదే ఉంటే జిప్ బాగా నొక్కుతుంది. మోడల్ లోడ్ చేసినప్పుడు అన్నీ మళ్లీ విచ్చుకుంటాయి. డౌన్‌లోడ్ బరువు తగ్గించడమే మీ అవసరమైతే అది లాభమే, వేగానికి మాత్రం సంబంధం లేదు.

పత్రహరితం: అయితే సున్నాలను దాచకుండా, మిగిలిన విలువలను మాత్రమే దాచుకునే పద్ధతి లేదా?

గుణకారం: ఉంది. అయితే ఏ విలువ ఏ చోటుదో కూడా రాసి పెట్టుకోవాలి. ఆ చిరునామాలకీ బైట్లు కావాలి, అసలు మెలిక ఇక్కడే.

సీఎస్ఆర్ అనే రూపంలో ప్రతి మిగిలిన విలువ పక్కన దాని నిలువువరుస సంఖ్య ఉంటుంది. విలువకి 2 బైట్లు, సంఖ్యకి మామూలుగా 4 బైట్లు, వెరసి 6. సగం బరువులు సున్నా చేశారనుకోండి: 84 లక్షల విలువలు, ఒక్కోదానికి 6 బైట్లు, మొత్తం 50 ఎంబీ. సగం 'తొలగించాక' మాత్రిక 33.5 నుంచి 50కి పెరిగింది! మూడింట రెండు వంతులు సున్నా అయితే గానీ ఈ రూపం అసలుతో సమానం కాదు. 90 శాతం దగ్గర 10 ఎంబీకి వస్తుంది, అప్పుడు చదవాల్సింది మూడో వంతు కన్నా తక్కువ.

అప్పుడు కూడా వేగం ఎప్పుడు వస్తుందనేది పనిని బట్టి. భాషా మోడల్ ఒక్కొక్క టోకెన్ రాసేటప్పుడు మాత్రికని ఒకే ఒక్క వెక్టర్‌తో గుణిస్తారు. అక్కడ కాలమంతా బరువుల్ని మెమరీ నుంచి తేవడానికే పోతుంది. ఎన్విడియా ఏ100, 40 జీబీ కార్డు సెకనుకు 1,555 జీబీ చదువుతుంది కాబట్టి 33.5 ఎంబీకి సుమారు 22 మైక్రోసెకన్లు. 10 ఎంబీయే చదివితే లాభం ఉంటుంది. పూర్తిగా మూడింతలు మాత్రం రాదు, ఎందుకంటే చిరునామాలు చెల్లాచెదురుగా ఉంటాయి, వరుసకో లెక్కన పని హెచ్చుతగ్గులవుతుంది.

ఒకేసారి వందల టోకెన్లు తోస్తే కథ తిరగబడుతుంది. అప్పుడు ఖర్చు చదవడంలో కాదు, గుణించడంలో. మామూలు మాత్రికలకి ఏ100లో మాత్రిక గుణకారం కోసమే ఉన్న టెన్సర్ కోర్లు సెకనుకు 312 లక్షల కోట్ల లెక్కలు చేస్తాయి. చెల్లాచెదురు సున్నాలున్న మాత్రిక ఆ కోర్లలో నేరుగా ఇమడదు. మామూలు ఎఫ్‌పీ32 కోర్లకి దిగితే వాటి సత్తా 19.5 లక్షల కోట్లు, అంటే పదహారో వంతు. 90 శాతం సున్నాలు లెక్కల్ని పదో వంతు చేస్తాయి, కోర్లు పదహారు రెట్లు నెమ్మది. లెక్క చూసుకోండి, నష్టమే.

అచ్చతెనుగు: సరే, ఒప్పుకుంటున్నాను. అలాంటప్పుడు 90 శాతం అని అందరూ ఎందుకంటారు?

గుణకారం: 2015లో వచ్చిన హాన్ బృందం పరిశోధన వల్ల. బొమ్మలను గుర్తించే అలెక్స్‌నెట్‌లో 6.1 కోట్ల బరువులను 67 లక్షలకి తెచ్చారు, కచ్చితత్వం పోకుండా. అది నిజమైన ఫలితమే. కానీ అది బరువుల లెక్క, గడియారం లెక్క కాదు. పైగా ఒక్క దెబ్బకి చేసింది కాదు. నల్లరేగడి గారు అడిగింది ఇదే: కొంత సున్నా చేస్తారు, మళ్లీ శిక్షణ ఇస్తారు, ఇంకొంత సున్నా చేస్తారు. రెండే దఫాలని నియమం లేదు, చాలాసార్లు చేయొచ్చు.

ఇందులో ఒక గొయ్యి ఉంది. మాస్క్‌ని `prune.remove`తో తీసేసి తర్వాత శిక్షణ ఇస్తే, గ్రేడియంట్ ఆ సున్నాలను మళ్లీ నింపేస్తుంది. లాస్ చక్కగా దిగుతుంది, ఎర్రర్ ఏమీ రాదు, చివర్లో సున్నాలు లెక్కపెడితే ఒక్కటీ ఉండదు. మాస్క్ ఉండగానే శిక్షణ ముగించి, ఆ తర్వాత తీయాలి.

బెంగళూరు బస్సు: నేను లామా-7బి అనే భాషా మోడల్ మీద శిక్షణ లేకుండా చిన్న విలువలు 50 శాతం తీశాను. 90 కాదు, 50 మాత్రమే. వాక్యాలు చెడిపోయాయి. అలెక్స్‌నెట్ 90 తట్టుకుంటే ఇది 50 ఎందుకు తట్టుకోదు?

గుణకారం: శిక్షణ లేకపోవడం ఒక కారణం. రెండోది, పెద్ద భాషా మోడళ్లలో కొన్ని ఇన్‌పుట్ ఛానెళ్ల విలువలు మిగతావాటి కంటే ఎంతో పెద్దవి. అక్కడ బరువు చిన్నదైనా ఫలితం పెద్దది. విలువ మాత్రమే చూసి కోస్తే అది పోతుంది. 2023లో వచ్చిన వాండా పద్ధతి బరువుని దాని ఇన్‌పుట్ పరిమాణంతో గుణించి చూస్తుంది. వాళ్ల పట్టికలో లామా-7బికి వికీటెక్స్ట్ అనే పరీక్ష పాఠం మీద పర్‌ప్లెక్సిటీ, అది ఎంత తక్కువైతే అంత మేలు, అసలు 5.68, సగం కోశాక విలువ పద్ధతిలో 17.29, వాండాలో 7.26. అయితే వాండాతో కోసినా వచ్చేవి చెల్లాచెదురు సున్నాలే, వేగం సంగతి పైన చెప్పినట్టే.

పత్రహరితం: అంటే స్ట్రక్చర్డ్ అన్నప్పుడే 'తొలగించు' నిజమవుతుందా?

గుణకారం: అవును, అక్కడ నిజంగానే మాత్రిక చిన్నదవుతుంది. అదే లామా-7బిలో ఫీడ్‌ఫార్వర్డ్ భాగం వెడల్పు 11008. దాన్ని 8192కి తెద్దాం. `gate_proj`, `up_proj`లలో 2816 అడ్డువరుసలు తీయాలి, `down_proj`లో అవే సంఖ్యలున్న నిలువువరుసలు తీయాలి. `down_proj` మరిచిపోతే కొలతలు కుదరక ప్రోగ్రాం ఆగిపోతుంది, అది మంచిదే. ప్రమాదం ఇంకోటి: `gate`కి ఒక జాబితా, `up`కి వేరే జాబితా వాడితే కొలతలు కుదురుతాయి, ప్రోగ్రాం నడుస్తుంది, వచ్చేది మాత్రం చెత్త. మూడింటి బరువుల్నీ కలిపి ఒక న్యూరాన్‌కి ఒకే మార్కు వేసి, ఒకే జాబితా తయారుచేసుకోవాలి.

8192 అనే సంఖ్య కూడా ఊరికే కాదు. 8190 అని పెడితే టెన్సర్ కోర్ల పలకల్లో సరిగ్గా అమరదు, బరువులు తగ్గినా వేగం పడిపోవచ్చు. 64 లేదా 128 గుణిజాలు ఎంచుకోండి.

లాభం ఎంత? ఒక పొరలో మొత్తం 20.2 కోట్ల బరువులు, ఇప్పుడు 16.8 కోట్లు. ఫీడ్‌ఫార్వర్డ్‌లో నాలుగో వంతు పోయినా అటెన్షన్ అలాగే ఉంది కాబట్టి పొర మొత్తానికి తగ్గింది 17 శాతమే. వేగం మహా అయితే 1.2 రెట్లు. అది మాత్రం ఏ ప్రత్యేక కోడూ లేకుండా, ఏ కార్డు మీదైనా వస్తుంది. నాణ్యత ఎక్కువ పడుతుంది, శిక్షణ తప్పనిసరి.

బెంగళూరు బస్సు: జీపీయూ మీద కొలిచేటప్పుడు `torch.cuda.synchronize()` పెట్టండి. లేకపోతే పని పంపిన సమయమే కనిపిస్తుంది, పూర్తయిన సమయం కాదు.

అచ్చతెనుగు: అయితే 'పరిమాణ కత్తిరింపు' కూడా కుదరదు. చదివేవాడు సైజు తగ్గించడం అనుకుంటాడు, ఇక్కడ సైజు తగ్గట్లేదాయె. 'చిన్న విలువల కత్తిరింపు' అనండి. మొదటి రకం అన్‌స్ట్రక్చర్డ్‌ని 'చెదురు సున్నాలు', రెండోది స్ట్రక్చర్డ్‌ని 'వరుసల తొలగింపు' అంటే?

గుణకారం: రెండోది బాగుంది, కానీ కన్వల్యూషన్ నెట్‌వర్క్‌లలో తీసేది ఫిల్టర్లు, ఛానెళ్లు. అక్కడ 'వరుస' అంటే అతకదు.

పత్రహరితం: వాక్యం ఇలా మారుస్తున్నాను: "చిన్న విలువలున్న 90 శాతం బరువులను సున్నా చేయవచ్చు, కానీ సున్నాలు చెదురుగా ఉంటే, వాటిని దాటవేసే ప్రత్యేక కోడ్ లేకుండా వేగం పెరగదు." నాలుగు వరుస బరువుల్లో రెండు సున్నాలుండే రకం ఇంకోటి ఉందట. దాన్ని ఏ గంపలో వేయాలి?

గుణకారం: ఏ100తో 2020లో వచ్చింది. అందులో ప్రతి మిగిలిన విలువకి చిరునామా 2 బిట్లే, కాబట్టి మన మాత్రిక 33.5 నుంచి దాదాపు 19 ఎంబీకి దిగుతుంది. టెన్సర్ కోర్లే దాన్ని నేరుగా చదువుతాయి. కాగితం మీద రెట్టింపు వేగం, పెద్ద మాత్రికల్లో దానికంటే తక్కువ, చిన్నవాటిలో లాభం దాదాపు శూన్యం. నాలుగేసి గుంపులు ఇన్‌పుట్ దిశలోనే ఉండాలి, అడ్డదిడ్డంగా కోస్తే కోర్లకి పనికిరాదు. ఇలా చూసుకోవచ్చు:

```python
assert (w.reshape(-1, 4) != 0).sum(1).max() <= 2
```

అచ్చతెనుగు: 'నాలుగింట రెండు' అంటే సరిపోదా?

గుణకారం: పేరుకి చక్కగా ఉంది. కానీ అందులోనూ ఏదీ పోవట్లేదు, మాత్రిక కొలతలు అవే. చెదురు కాదు, తొలగింపూ కాదు. నాకైతే దాన్ని మూడో గంపగానే ఉంచాలనిపిస్తోంది.

అచ్చతెనుగు: నేను ఒప్పుకోను. క్రమం ఉంది కాబట్టి అది రెండో రకమే.