అమ్మ నంబర్‌కి పెట్టిన రింగ్‌టోన్ మోగడం లేదు, పాత పేరు ఎక్కడుందో తెలియడం లేదు

నాది ఆండ్రాయిడ్ 13, రెండు సిమ్‌ల ఫోన్. బండి మీద ఉన్నప్పుడు జేబులోంచి తీయకుండానే ఇంటి కాల్ అని తెలియాలని అమ్మకి, మా ఆవిడకి వేరే రింగ్‌టోన్‌లు పెట్టాను. ఆవిడది సరిగ్గా మోగుతోంది. అమ్మది మాత్రం అందరికీ మోగే మామూలు టోనే. వాట్సాప్ కాల్ కాదు, మామూలు కాలే.

అమ్మ నంబర్ మొదట సిమ్‌లో ఉండేది, అక్కడ రింగ్‌టోన్ పెట్టే వీల్లేదు. ఫోన్‌లోకి కాపీ చేసి, సిమ్‌లోది తీసేసి, అప్పుడు పెట్టాను. నేను రికార్డు చేసిన పాట వల్లేమోనని ఫోన్‌లో ముందే ఉన్న టోన్ పెట్టి చూశాను. రీస్టార్ట్ చేశాను. మార్పు లేదు.

నిన్న ఒకటి గమనించాను. కాంటాక్ట్స్‌లో "అమ్మ" అనే ఉంది, కానీ కాల్ వచ్చినప్పుడు స్క్రీన్ మీద "అమ్మ ఊరు" అని పడుతోంది. అది నాలుగేళ్ల కిందట పెట్టిన పేరు. ఆ పేరుతో వెతికితే ఏమీ రావడం లేదు. ఇదే నంబర్ ఇంకో ఖాతాలో దాగి ఉందని, ఫోన్ దాన్నే ముందు పట్టుకుంటోందని నా అనుమానం. అమ్మకి షుగర్ ఉంది, ఒక్క కాల్ తప్పినా టెన్షన్.

లిస్టులో కనిపించని ఆ పాత కాంటాక్ట్‌ని బయటికి తీసి డిలీట్ చేయడం ఎలా?