అప్‌డేట్: కిరాణా కొట్టులో మాట కలిసింది

ఇక్కడ నేను ముందు అడిగిన ప్రశ్న: “కూకట్‌పల్లికి వచ్చి ఆరు నెలలైంది. ఆఫీసు బయట ఎవరితోనూ మాటల్లేవు. కొట్టువాళ్లతో, ఆటోవాళ్లతో ఎలా మొదలుపెట్టాలి?”

మీరు చెప్పినట్టు, ఇద్దరి కళ్లముందూ ఉన్న వస్తువుతోనే మొదలుపెట్టాను. ఫోన్ జేబులో పెట్టి, “అన్నా, ఈ కందిపప్పు త్వరగా ఉడుకుతుందా?” అన్నాను. ఆయన గుప్పెడు పప్పు అరచేతిలో పోసి, “పాతది, గంట నానబెట్టండి” అన్నాడు. మర్నాడు వెళ్లి, “నానబెట్టానన్నా, మెత్తగా ఉడికింది” అన్నాను. పరిచయం కుదిరింది ఈ రెండో రోజు మాటతోనే. మొదటి రోజుది బేరంలో భాగమే కదా.

ఒకసారి సాయంత్రం రద్దీలో పలకరిస్తే, తూకం మీంచి కళ్లెత్తకుండా “ఆ” అన్నాడు. బాధనిపించింది కానీ, అది కోపం కాదు, పని. అలాంటప్పుడు డబ్బులిచ్చి వచ్చేయడమే. ఇప్పుడు పదకొండింటికి వెళ్తున్నాను.

ఆటో ట్రాఫిక్‌లో నడుస్తుండగా కాదు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు దారి గురించి అడుగుతున్నాను. సంపాదన, కుటుంబం జోలికి పోను.

శాండ్‌స్ట్రామ్, డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2014లో ప్రచురించిన కాఫీ షాపు ప్రయోగంలో, కౌంటర్‌లో నవ్వి రెండు మాటలాడినవాళ్లకు ‘మనవాళ్లే’ అన్న భావన పెరిగిందట. నమ్ముతున్నాను. మొన్న మూడు రోజులు జ్వరంతో వెళ్లలేదు. నాలుగో రోజు కొట్టన్న అడిగాడు: “ఏమ్మా, ఊరెళ్లావా?”