రిటైరైన బ్యాంకు మేనేజరు ప్రొఫైల్ పరిచయం ఇలా ఉంటే సరిపోతుందా?

నమస్కారం. బ్రాంచి మేనేజరుగా పదవీ విరమణ చేసిన నేను, చిన్న వ్యాపారాలకు పార్ట్‌టైమ్ సలహాదారుగా పనిచేయాలన్న ఉద్దేశంతో ప్రొఫైల్ కోసం ఈ పరిచయం రాసుకున్నాను.

"చిన్న వ్యాపారుల వర్కింగ్ క్యాపిటల్ దరఖాస్తులను ఏళ్ల తరబడి పరిశీలించి మంజూరు చేశాను. మీ దరఖాస్తు బ్యాంకుకు వెళ్లకముందే లెక్కలను బ్యాంకు అధికారి దృష్టితో చదివి, ఆయన అడగబోయే ప్రశ్నలను ముందే చెబుతాను. వారానికి రెండు పూటలు అందుబాటులో ఉంటాను."

ఇందులో ఒక ఉదాహరణ చేర్చాలా అన్నది మొదటి సందేహం. గోడౌన్‌లో 100 విలువైన సరుకుంటే, మంజూరైన పరిమితికి లోబడి అంత మొత్తాన్నీ రుణంగా వాడుకోవచ్చని చాలామంది అనుకుంటారు. అందులో 40 విలువైన సరుకు అరువుకు తెచ్చినదైతే, బ్యాంకు సాధారణంగా దాన్ని తీసేసి, మిగిలిన 60లో పావు వంతు మార్జిన్‌గా పట్టుకుంటే వాడుకోగలిగేది 45 మాత్రమే. నేను ఏం చేయగలనో అనుభవం ఎన్నేళ్లన్న దానికంటే ఈ లెక్కే బాగా చెబుతుందని నా నమ్మకం, కానీ పరిచయం పొడవైపోతుందేమో.

రెండోది నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతోంది. "మంజూరు చేశాను" అన్న మాట చూసి, పాత పరిచయాలతో రుణం ఇప్పిస్తానని ఎవరైనా భావించవచ్చు. నేను రుణానికి హామీ ఇవ్వను, మంజూరైన మొత్తంపై కమీషను తీసుకోను. ఈ మాటను పరిచయంలోనే స్పష్టంగా రాయడం మేలా, లేక మొదటి సంభాషణలో చెప్పాలా? పాత ఖాతాదారుల పేర్లు గోప్యం కాబట్టి వాడలేను. వాటికి బదులుగా ఏం చూపిస్తే మీకు నమ్మకం కలుగుతుంది? సొంత వ్యాపారం నడుపుతున్నవారు చెబితే మరీ సంతోషిస్తాను.