అప్‌డేట్: ‘డిస్కస్’ తర్వాత ‘అబౌట్’ గొడవ తేలింది

నేను అడిగింది: ఆఫీసు లెటర్లలో డిస్కస్, రిక్వెస్ట్ లాంటి మాటల తర్వాత అబౌట్, ఫర్ ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు వదిలేయాలి?

అందరికీ థ్యాంక్స్. అసలు చూడాల్సింది ఆ మాట క్రియగా వచ్చిందా, నామవాచకంగా వచ్చిందా అన్నది. మనం ‘ఆలస్యం గురించి చర్చించాం’ అంటాం కాబట్టి ఆ ‘గురించి’ ఇంగ్లీషులోకి కూడా వచ్చేస్తుంది. కానీ అక్కడ క్రియకి కర్మ నేరుగా తగులుతుంది: ‘వి డిస్కస్డ్ ద డిలే’. అదే మాటను నామవాచకం చేస్తే అబౌట్ వస్తుంది, దాంతోపాటు ఆర్టికల్ కూడా: ‘వి హ్యాడ్ ఎ డిస్కషన్ అబౌట్ ద డిలే’. రిక్వెస్ట్‌కి స్పెల్లింగ్ మారదు కాబట్టి ఇంకా తికమక. ‘ఐ రిక్వెస్ట్ యాన్ ఎక్స్‌టెన్షన్’లో ఫర్ లేదు, ‘మై రిక్వెస్ట్ ఫర్ యాన్ ఎక్స్‌టెన్షన్’లో ఉంది. ముందు మై ఉంది కాబట్టి ఎ అక్కర్లేదు, అది లేకపోతే ‘ఎ రిక్వెస్ట్ ఫర్’ అనాలి.

ఎంఫసైజ్ కూడా ఇదే దారి, దాని తర్వాత ఆన్ వద్దు. నామవాచకం ఎంఫసిస్‌కి మాత్రం ఆన్ కావాలి, అయితే ఆర్టికల్ లేకుండా ‘పుట్ ఎంఫసిస్ ఆన్’ అనొచ్చు, ‘పుట్ యాన్ ఎంఫసిస్ ఆన్’ అని కూడా అనొచ్చు.

అన్నిటికీ ఇది పనిచేయదు. అప్లై ఫర్ లీవ్, అప్లికేషన్ ఫర్ లీవ్, రెండింట్లోనూ ఫర్ ఉంటుంది. నేనిప్పుడు అనుమానం వస్తే వాక్యాన్ని పాసివ్‌లోకి తిప్పుతున్నాను: ‘ద డిలే వాజ్ డిస్కస్డ్’ దగ్గర ఆగిపోతే అబౌట్ అనవసరం, ‘ద లీవ్ వాజ్ అప్లైడ్’ అంటే అర్థం తెగిపోతుంది కాబట్టి ఫర్ ఉండాల్సిందే.